కింద రాసిన మాట

జనగామ బస్టాండు ఎదురు సందులో తిరుపతికీ అతని భార్య కళ్యాణికీ ఒక ఫోటో స్టూడియో ఉంది. తిరుపతి ఫోటోలు తీస్తాడు. వాటి కింద మాటలు కళ్యాణి రాస్తుంది. మొదట్లో ఫ్లెక్సీలకు రాసేది. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, దినకర్మలు. ఇప్పుడు ఫ్లెక్సీ కంటే ముందు ఫోన్‌లో పోస్టు పడాలి కాబట్టి జనం దానికీ ఆమె దగ్గరికే వస్తారు. "కళ్యాణక్కా, జర మంచిగ రెండు ముక్కలు రాయి" అని ఫోన్ చేతిలో పెడతారు. ఆమె కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఫోటోను కాసేపు చూసి, టకటకా కొట్టి ఇస్తుంది.

వచ్చినవాళ్లకు ఆమె ఎప్పుడూ ఒకటే చెప్పేది: "మొదటి రెండు మూడు లైన్లే చూస్తరు. కింద ఎంత రాసినా అది మనకోసమే."

ఆ మాట ఆమెకే తగిలింది ఆ వానాకాలంలో.

చెల్లెలు రజితకు భూపాలపల్లి సంబంధం వచ్చింది. పిల్లగాడి పేరు నిరంజన్. చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కింద ఎలక్ట్రీషియన్. పిల్లనూ పిల్లగాడినీ చూసుకోవడం అంతకుముందే అయింది. ఒక ఆదివారం పిల్లగాడివాళ్లు జనగామ పక్క ఊళ్లో ఉన్న కళ్యాణి పుట్టింటికి ఊరికే ఇల్లు చూసిపోదామని వచ్చారు. వచ్చినవాళ్లు పది మందికి మించి లేరు. కళ్యాణి తండ్రి రాజలింగు పత్తిచేను నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇంట్లో ఉప్మా, చాయ తప్ప ఏర్పాట్లేమీ లేవు.

మాటలు కలిశాయి. నిరంజన్ నాయనమ్మ, డెబ్బై దాటిన మనిషి, అరుగు మీద కూర్చుని రజితను పక్కకు పిలిచింది. పొలం ముచ్చట, దవాఖాన ముచ్చట, ఎవరెవరి చుట్టరికమో తవ్వి తీసింది. చివరికి చేతిసంచిలోంచి మల్లెపూల మూర తీసింది. దారిలో పరకాలలో తన దేవుడికని కొనుక్కున్నది.

"దేవునికి రేపు పెట్టుకుంట. ఇయ్యాల గీ పిల్లకు పెడ్త. ఏమంటరు?" అన్నది.

ఎవరూ ఏమీ అనలేదు. అందరూ నవ్వారు. ఆమె రజిత జడలో పూలు పెట్టింది. రాజలింగు భార్య లోపలికి ఉరికి చక్కెర డబ్బా తెచ్చింది. రెండు ఇళ్లవాళ్లూ ఒకరి నోట్లో ఒకరు చక్కెర పోసుకున్నారు. మాట ఖాయమైంది.

తేదీ మాత్రం ఖాయం కాలేదు. ప్లాంటులో ఒక యూనిట్‌ను మరమ్మతులకు ఆపారు. అది మళ్లీ నడిచేదాకా ఎవరికీ సెలవు లేదు. "సెలవు ఎప్పుడిస్తరో తెలిస్తేనే పంతులును అడగాలె మామా. ఇయ్యాల ముహూర్తం పెట్టించి రేపు మార్చుడు మంచిగుండది" అని నిరంజన్ అన్నాడు. రాజలింగుకు ఆ మాట నచ్చింది. నిశ్చితార్థం తొందరేమీ లేదు, చేసినప్పుడు నలుగురినీ పిలుచుకుని పద్ధతిగా చేద్దామనుకున్నారు.

రాజలింగుకు ఆ పద్ధతిలో మొట్టమొదటి మనిషి అక్క వజ్రమ్మ.

ఆమె ఉండేది మహబూబాబాద్‌లో. ఊళ్లో అందరిలా ఆమె కూడా దాన్ని మానుకోట అనే అంటుంది. భర్త ఎల్లేశ్ డోర్నకల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసేవాడు. పిల్లల్లేరు. ఆరో తరగతి నుంచి పది దాకా కళ్యాణి ఆ ఇంట్లోనే పెరిగింది. అత్త పొద్దున రెండు జడలు వేసి, సద్ది కట్టి, బడి గేటు దాకా వచ్చి దిగబెట్టేది. కళ్యాణి పెళ్లికి మొదటి బొట్టు పెట్టింది ఆమే. వాళ్ల ఇంట్లో అది ఆచారం. ఆడపిల్లకు అవతలి ఇంటి పూలు పడకముందే మేనత్త చేతి బొట్టు పడాలి.

రెండేళ్ల కింద ఎల్లేశ్ పోయాడు. అప్పటినుంచీ వజ్రమ్మ ఏ శుభకార్యంలోనూ ముందు వరుసకు రాలేదు. ఒకసారి చుట్టాలింట్లో కుంకుమ పళ్లెం పట్టుకుని ఒకామె వరసగా అందరికీ బొట్టు పెడుతూ వచ్చి, వజ్రమ్మ ముందు ఆగకుండా పక్కామె దగ్గరికి పోయింది. అత్త చెంగు సర్దుకుని ఎటో చూడడం కళ్యాణి కళ్లారా చూసింది. ఆ తరువాత ఒకరోజు ఫోన్‌లో అత్త నవ్వుతూనే అడిగింది: "మన రజిత లగ్గానికి నేనొచ్చి యాడ కూసోవాలె బిడ్డా? వంటోళ్ల దగ్గరనా, పందిట్లనా?"

కళ్యాణి ఆ మాట తండ్రికి చెప్పింది. రాజలింగు, "బొట్టు అక్కనే పెడ్తది. బావ పోతే అక్క చెయ్యి పోయిందా? గని ఫోన్‌ల చెప్పే ముచ్చట కాదు. సంబంధం కుదిరిననాడు నేనే పోయి, కొబ్బరికాయ చేతుల పెట్టి అడుగుత" అన్నాడు.

పూలు అనుకోకుండా ఆదివారమే పడ్డాయి. రాజలింగు అందుకు కొంచెం నొచ్చుకున్నాడు. "పొద్దుగాల బండికి పోదాం. ఇట్లైందని చెప్పి, నిశ్చితార్థానికి బొట్టు నువ్వే పెట్టాలక్కా అని అడుగుదాం. అందాక ఎవ్వలూ ఫోన్ చెయ్యొద్దు. ఇంటి ఆడిబిడ్డకు తీపి ముచ్చట నోటితోని చెప్పాలె" అన్నాడు.

భూపాలపల్లివాళ్లు ఇంకా దారిలో ఉండగానే నిరంజన్ చెల్లెలు ఫోటోలు పెట్టేసింది. 'మా వదిన' అని రాసి, చుట్టూ పూల బొమ్మలు. రజిత ఫోన్ పట్టుకుని అక్క దగ్గరికి వచ్చింది.

"అక్కా, వాళ్లు పెట్టిండ్రు. నన్ను ట్యాగ్ చేసిండ్రు. మన దిక్కు నుంచి ఏం పెట్టకపోతే ఏమనుకుంటరు?"

"రేపు పెడ్దాం. బాపు మానుకోట పోయొచ్చినంక."

"రేపటిదాకనా? పిల్లకు ఇష్టం లేదేమో అనుకుంటరు. ఆయన సుత అడిగిండు, మీ అక్క రాస్తదట గదా అని." ఆ 'ఆయన' అనడం రజితకు కొత్త. అన్నాక తనే సిగ్గుపడింది.

కళ్యాణి మెత్తబడింది. ఊరందరికీ రాసిపెట్టే మనిషి, సొంత చెల్లెలికి రాయకపోతే ఎట్లా అనిపించింది. పెట్టినా అందరికీ అర్థమయ్యేలా పెడితే తప్పేముంది అనుకుంది. మంచం మీద కూర్చుని మొదట ఇలా కొట్టింది:

'నిశ్చితార్థం ఇంకా జరగలేదు. ఈ రోజు రెండు కుటుంబాల పెద్దలు మాట ఇచ్చిపుచ్చుకున్నారు. తేదీ ఖాయం కాగానే ఇంటింటికీ వచ్చి బొట్టు పెట్టి పిలుస్తాం.'

దాని కింద పేర్లు. ఇలాంటి పోస్టుకు అదే సరైన వరస అని ఆమెకు తెలుసు. ఫోటోలో పిల్ల జడలో పూలు, రెండు కుటుంబాలూ నిలబడి ఉంటే చూసేవాళ్లు ఫంక్షన్ అయిపోయిందనే అనుకుంటారు. కాలేదన్న మాట పైనే ఉండాలి. 'త్వరలో' అని కూడా రాయలేదు. త్వరలో అంటే ఎప్పుడని నలుగురూ నిరంజన్‌నే అడుగుతారు. అతని చేతిలో లేని సంగతికి అతన్ని జవాబుదారీ చేయకూడదనుకుంది.

రజిత చదివి మొహం ముడుచుకుంది.

"ఇదేందక్కా, మొదలే 'జరగలేదు' అంటవు? శుభమా అని పెట్టుకుంటుంటే."

తల్లి పొయ్యి దగ్గర నుంచి అందుకుంది. "అవునే. కాలేదు, లేదు అని మొదటి మాటనే అట్ల రాయొద్దు బిడ్డా. నోటితోనైనా అనం."

"అవ్వా, అది పైన లేకపోతే సమజ్ కాదు."

"కింద రాయి. చదివెటోళ్లు చదువుకుంటరు."

కళ్యాణి రెండు నిమిషాలు వాదించింది. తరువాత వాళ్ల ముఖాలు చూసింది. ఇంట్లో ఇంత సంతోషం చాలాకాలానికి వచ్చింది. పై లైను కత్తిరించి కిందికి దించింది. పోస్టు ఇలా తయారైంది:

'రెండిళ్ల సంతోషం, ఒక్క మాటగా.
మా చెల్లి రజిత, నిరంజన్.
రెండు వైపుల తల్లిదండ్రులు, నాయనమ్మ గారి ఆశీస్సులతో.'

ఆ కింద ఒక వరస పూల బొమ్మలు. ఇంకా కింద, నిశ్చితార్థం జరగలేదని, తేదీ కాగానే ఇంటింటికీ వచ్చి పిలుస్తామని.

నిరంజన్‌కు పంపింది. అతను వాళ్ల నాన్నకు చదివి వినిపించి, సరే అన్నాడు. ఫోటోలు రెండున్నాయి. ఒకదాంట్లో నాయనమ్మ రజిత జడలో పూలు పెడుతోంది. వెనక దండెం మీద ఆరేసిన లుంగీలు కనబడుతున్నాయని కళ్యాణి దాన్ని పక్కన పెట్టింది. అందరూ వరసగా నిలబడి నవ్వుతున్నది తీసుకుంది. ఫేస్‌బుక్‌లో పెట్టింది. అదే వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టింది.

రెండు చోట్లా పోస్టు పొడుగైందని ఫోన్ మొదటి మూడు లైన్లే చూపించి, మిగిలినదాన్ని 'ఇంకా చదవండి' కింద మడిచేసింది. అలా మడుస్తుందని కళ్యాణికి తెలియని సంగతి కాదు.

పొద్దు గుంకకముందే కామెంట్లు మొదలయ్యాయి. శుభాకాంక్షల మధ్యలో చిన్నాయన కొడుకు రాశాడు: 'ఎంగేజ్‌మెంట్ చేసుకున్నరా, ఒక్క మాట చెప్పకపోతిరి.' ఇంకొకరు: 'పప్పన్నం మేమెప్పుడు తినాలె?' తిరుపతి దోస్తు ఒకడు, 'దావత్ దాచుకున్నవ్ బావా' అన్నాడు. కళ్యాణి ఒక్కొక్కరికీ జవాబు కొట్టింది. 'ఇంకా కాలేదన్నా, కింద చదువుండ్రి.' 'మాట మాత్రమే అయింది తమ్మీ, పిలవకుంట ఎట్ల చేస్తం.' నాలుగోదానికి విసుగొచ్చింది. పోస్టు తెరిచి కింది మాటను పైకి జరిపింది. ఫేస్‌బుక్‌లో దిద్దడం తేలికే.

స్టేటస్‌ను దిద్దడం కుదరదు. తీసేసి మళ్లీ పెట్టాలి. తీసేసే ముందు, ఎవరెవరు చూశారో చూద్దామని జాబితా తెరిచింది. పేర్ల వరసలో పైనుంచి నాలుగోది: 'అత్త మానుకోట.'

కళ్యాణి వేలు అక్కడే ఆగింది. అత్తకు పెద్ద ఫోన్ కొనిచ్చింది తనే. స్టేటస్ చూడడం నేర్పింది కూడా తనే. రోజూ తన స్టేటస్ చూసి, చప్పట్ల బొమ్మ ఒకటి పంపుతుంది అత్త. ఆ రోజు ఏదీ రాలేదు.

ఫోన్ చేద్దామా అనుకుంది. చేసి ఏం చెప్పాలి? బాపు తన నోటితో అడగాల్సిన మాట తను ఎట్ల అంటుంది? అనకుండా ఉత్త ముచ్చట ఎట్ల చెబుతుంది? పొద్దున పోతున్నాం కదా అనుకుంది. అంతలో నిరంజన్ చెల్లెలు వీడియో కాల్ చేసింది. కళ్యాణి స్టేటస్ తీసేసి, దిద్దినదాన్ని మళ్లీ పెట్టి, కాల్ ఎత్తింది.

ఆ కాస్త సమయాన్ని ఆమె తరువాత చాలాసార్లు తలుచుకుంది. అత్తా అని ఒక్క పిలుపు పిలిచి ఉంటే సరిపోయేది. మిగతాది బాపే చెప్పుకునేవాడు.

మర్నాడు పొద్దున తండ్రీకూతుళ్లు జనగామలో రైలెక్కారు. రాజలింగు తెల్ల అంగీ వేసుకున్నాడు. సంచిలో కొబ్బరికాయ, చక్కెర, పసుపు కుంకుమ పొట్లాలు. కాజీపేట దాటేదాకా అక్క తన చిన్నప్పుడు ఎట్లా కొట్టేదో చెబుతూ నవ్వాడు. కళ్యాణి స్టేటస్ సంగతి చెప్పలేకపోయింది. కేసముద్రం వచ్చాక చెప్పింది. రాజలింగు కిటికీలోంచి చూస్తూ, "చూసిందా?" అని మాత్రం అడిగాడు. ఆ తరువాత సంచి పట్టు సవరించుకున్నాడు.

వజ్రమ్మ గుమ్మంలోనే నీళ్లు ఇచ్చింది. కుర్చీలు వేసింది. చాయ పెట్టింది. అన్నీ ఎప్పటిలాగే చేసింది. అదే కళ్యాణికి భయం పుట్టించింది. ఎప్పుడైనా వస్తే అత్త ముందు తిట్టేది, "తొవ్వ దొరికిందా తల్లీ" అని.

"మంచిగైందా తమ్మీ ఫంక్షన్?" అన్నది వజ్రమ్మ.

"ఫంక్షన్ యాడిదక్కా, కాలేదు. ఇల్లు చూస్తానికి వచ్చిండ్రు. వాళ్ల ముసలామె పూలు పెట్టింది. గంతే."

"గంతేనా. ఫోటోల అందరున్నరు మరి. రెండు దిక్కుల తల్లిదండ్రులు, నాయనమ్మ. పేరుపేరున రాసిండ్రు."

"అత్తా, కింద రాసిన, ఇంకా కాలేదని..."

"కింద నాకు కానరాలే బిడ్డా. పైన ఉన్నంత చదివిన. అక్షరాలు పెద్దగ చేసుకునుడు నేర్పినవు గదా, కూడబలుక్కొని చదివిన." ఆమె గొంతులో కోపం లేదు. "పొరుగామెకు చూపిద్దామని కళ్లద్దాలు తెచ్చుకొని వచ్చేసరికి లేకపాయె. ఎందుకు తీసేసినవు? నేను చూసిన్నని తెలిసిందా?"

మళ్లీ పెట్టానని, అందులో ఆ మాట పైనే ఉందని కళ్యాణి చెప్పబోయింది. అత్త రెండోసారి తెరవలేదని ఆమెకు తెలుసు. రెండో జాబితాలో ఆ పేరు లేదు.

రాజలింగు లేచి సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. "అక్కా, నేను అడుగుతానికి వచ్చిన. ఇది బావ పోయిన్నాడే మనసుల అనుకున్న ముచ్చట. రజితకు బొట్టు నువ్వే పెట్టాలె. తేదీ ఇంకా కాలే. నువ్వు ఊ అంటేనే తేదీ."

వజ్రమ్మ కొబ్బరికాయను రెండు చేతులతో అందుకుంది. కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. వచ్చి కూర్చుంది.

"నువ్వు అడుగుతవని నేను రెండేండ్లు ఎదురుచూసిన తమ్మీ. నిన్న గది చూసినంక అనుకున్న, ముందుగాల్నే కానిచ్చుకున్నరు, అక్క ఎదురుంగ ఉంటే మంచిగుండదని. ఇప్పుడు నువ్వు నిజమే చెప్పవడ్తివి. గని నా మనసు రాత్రే పోయి వంటోళ్ల దగ్గర కూసున్నది. లేపితే లేస్తలేదు."

కళ్యాణి ఫోన్ తీసి, పక్కన పెట్టిన ఆ రెండో ఫోటో చూపించింది. దండెం మీద లుంగీలు, అరుగు, రజిత వంచిన తల. పూలు పెడుతున్న ముసలామె నుదుటి మీద బొట్టు లేదు. "చూడత్తా. ఆమెకు సుత పెనిమిటి లేడు. ఆమెనే పెట్టింది. ఎవ్వలూ ఏం అనలే."

వజ్రమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో ఆ నుదుటిని తాకింది. బొమ్మ పెద్దదైంది.

"ధైర్యం గల మనిషి" అన్నది. "వాళ్లింట్ల ఆమెను ఎవ్వలూ ఆపలేదన్నమాట." ఫోన్ తిరిగి ఇచ్చింది. "ఇదే పెడితే అయిపోతుండె గద బిడ్డా."

లుంగీల సంగతి కళ్యాణి చెప్పలేదు.

యూనిట్ నడవడానికి దసరా దాటింది. నిరంజన్‌కు సెలవు దొరికింది. కార్తీకంలో ఒక బుధవారం పంతులు ముహూర్తం చెప్పాడు. రాజలింగు మొదటి పిలుపు మానుకోటలోనే పిలిచాడు. వజ్రమ్మ ముందురోజే వచ్చింది. రజితకు పసుపు అంచు ఆకుపచ్చ పట్టుచీర తెచ్చింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నవ్వించింది. భూపాలపల్లి నాయనమ్మతో చాలాసేపు ముచ్చటపెట్టింది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

ముహూర్తం వేళకు రాజలింగు కుంకుమ భరిణె పట్టుకుని పందిట్లో నిలబడ్డాడు. "అక్కా, రా" అని పిలిచాడు. అందరూ వింటుండగా రెండుసార్లు పిలిచాడు. వజ్రమ్మ పందిరి అంచు దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"మోకాలు పట్టింది తమ్మీ, ఎక్కలేను. నీ పెండ్లాంతోని పెట్టియ్యి. ముహూర్తం దాటుతది."

పందిరి నేల మీదే వేశారు. ఎక్కడానికి మెట్టు ఏదీ లేదు. ఆ సంగతి అక్కడున్న ఎవరికైనా కనబడుతూనే ఉంది. రాజలింగు మళ్లీ పిలవబోయాడు. పంతులు తొందరపెట్టాడు. తల్లి బొట్టు పెట్టింది. వజ్రమ్మ పందిరి గుంజను పట్టుకుని చూసింది. బొట్టు పడగానే అందరికంటే ముందు చేతులెత్తి అక్షింతలు వేసింది. తరువాత వంటలవైపు పోయి, పులిహోరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతూ వాళ్లతో కూర్చుంది.

సాయంత్రం కళ్యాణి పోస్టు రాయడానికి కూర్చుంది. ఈసారి చెప్పడానికి అన్నీ ఉన్నాయి. వారం, తేదీ, ఊరు, జరిగింది అన్న మాట. రెండు లైన్లలో అయిపోయింది. మడతకింద పడేంత ఏమీ మిగల్లేదు. ఫోటోలన్నీ వెనక్కీ ముందుకూ జరిపింది. తిరుపతి వందల కొద్దీ తీశాడు. పందిట్లో అత్త ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. గుంజ పక్కన సగం చీర కొంగు, అక్షింతలు వేస్తున్న చేయి ఒకదాంట్లో కనబడ్డాయి. కొస కత్తిరిస్తే ఫోటో చక్కగా వస్తుందని తిరుపతి అన్నాడు.

"ఉండనియ్" అన్నది కళ్యాణి.

ఆ చేయి ఉన్న ఫోటోనే స్టేటస్‌లో పెట్టింది. కాసేపటికి చూసినవాళ్ల పేర్లలో 'అత్త మానుకోట' వచ్చింది. పెరట్లోనే ఉంది అత్త, గంగాళాలు కడిగేవాళ్లతో మాట్లాడుతూ. కళ్యాణి ఫోన్ చేతిలో పట్టుకుని చప్పట్ల బొమ్మ కోసం ఎదురుచూసింది.